ఫారెన్‌హీట్, గ్యాస్ మార్క్, ఫ్యాన్: కన్వెక్షన్ మైక్రోవేవ్‌లో కేకుకు ఎంత వేడి పెట్టాలి?

ప్రశ్న: నా దగ్గర కన్వెక్షన్ మైక్రోవేవ్ ఉంది. అమెరికా వంటకాల్లో 350 డిగ్రీల ఫారెన్‌హీట్ అని ఉంటుంది, అక్క లండన్ నుంచి తెచ్చిన పుస్తకంలో గ్యాస్ మార్క్ 4 అని ఉంది, ఇంకోచోట ఫ్యాన్ 160 అన్నారు. నేను 180 పెడితే కేకు పైన నల్లబడి పగులుతోంది, లోపల పచ్చిగా ఉంటోంది. అసలు ఎంత పెట్టాలి?

జవాబు: మీరు చెప్పిన మూడూ ఒకే వేడిని సూచిస్తున్నాయి. మీ మైక్రోవేవ్‌లో ఆ మూడింటికీ 160 డిగ్రీల సెల్సియస్ పెట్టండి. కన్వెక్షన్ మోడ్‌లో వెనుక గోడలోని ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, దాన్ని ఆపే మీట సాధారణంగా ఉండదు. కాబట్టి మీది ఫ్యాన్ ఓవెన్ కిందికే వస్తుంది. మీరు పెట్టిన 180 ఫ్యాన్ లేని ఓవెన్‌కు ఉద్దేశించిన అంకె.

లెక్క ఇలా వస్తుంది. ఫారెన్‌హీట్ అంకెలో 32 తీసివేసి, మిగిలినదాన్ని 5తో గుణించి 9తో భాగిస్తే సెల్సియస్ వస్తుంది. ఆ ప్రకారం 350 అంటే దాదాపు 177. ఇళ్లలోని ఓవెన్లలో 177 అని పెట్టే వీలుండదు కనుక బ్రిటిష్ పుస్తకాలు దాన్ని 180గా రాస్తాయి, ఫ్యాన్ కోసం అందులోంచి 20 తగ్గించి 160 అంటాయి. అమెరికన్లు ఫ్యాన్ కోసం 25 ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గించి 325 అంటారు, అది సుమారు 163. వారు తగ్గించే 25 ఫారెన్‌హీట్ డిగ్రీలు మన లెక్కలో 14 మాత్రమే అయినా, బ్రిటిష్ వారు ముందే పైకి సవరించి రాసుకోవడం వల్ల రెండు పద్ధతులూ చివరికి 160 దగ్గరే కలుస్తాయి. అందువల్ల 177లోంచి 20 తీసి 157 ఎక్కడుందా అని వెతకనవసరం లేదు. వచ్చిన అంకెను దగ్గరలోని పదికి సవరించుకుంటే చాలు.

గ్యాస్ మార్క్ బ్రిటన్‌లోని గ్యాస్ ఓవెన్ల మీటపై ఉండే అంకె. మార్క్ 1 అంటే 275 ఫారెన్‌హీట్, అక్కడి నుంచి ఒక్కో మార్కుకు 25 చొప్పున పెరుగుతుంది. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే పట్టిక అవసరం ఉండదు: మార్క్ 3 అంటే 325, మార్క్ 4 అంటే 350, మార్క్ 6 అంటే 400. నేను ఇంగ్లండ్‌లో అద్దెకున్న ఇంట్లో అలాంటి ఓవెనే ఉండేది. అందులో పై అర బాగా వేడిగా, కింది అర చల్లగా ఉండేది, మార్కుకు సరిపడే వేడి మధ్య అరలోనే దొరికేది. అందుకే పాత బ్రిటిష్ పుస్తకాలు ఏ అరలో పెట్టాలో అంత పట్టింపుగా చెబుతాయి. గాలిని కలియతిప్పే మీ ఓవెన్‌లో ఆ తేడా చాలావరకు ఉండదు. ఇంకొకటి, గ్యాస్ మండినప్పుడు కొంత నీటి ఆవిరి పుడుతుంది కనుక ఆ ఓవెన్‌లో కేకు పైభాగం అంత త్వరగా ఎండిపోదు. అదే వంటకాన్ని ఫ్యాన్ కింద చేసేటప్పుడు వేడి తగ్గించడానికి ఇది అదనపు కారణం.

ఇక మీ కేకు పగలడం గురించి. నిశ్చలమైన గాలిలో టిన్ను చుట్టూ, పిండి పైన, కాస్త చల్లటి గాలి పొర నిలిచి ఉంటుంది. ఫ్యాన్ ఆ పొరను ఎప్పటికప్పుడు చెదరగొట్టడం వల్ల అదే ఉష్ణోగ్రత దగ్గర కూడా పైభాగానికి వేడి ఎక్కువగా అందుతుంది, తడి త్వరగా ఆరుతుంది. కానీ పైభాగం నుంచి మధ్యకు వేడి పిండి గుండానే నెమ్మదిగా చేరాలి, అక్కడ ఫ్యాన్ నేరుగా చేయగలిగింది ఏమీ లేదు. పైన పెచ్చు గట్టిపడిన తర్వాత మధ్య పిండి పొంగడం మొదలుపెడితే అది పెచ్చును చీల్చుకునే బయటికి రావాలి. పొడవాటి లోఫ్ టిన్నులో నిలువునా ఒక చీలిక రావడం మాత్రం మామూలే, దాన్ని లోపంగా లెక్కించకండి.

వేడి 20 తగ్గించినప్పుడు సమయం దాదాపు వంటకంలో చెప్పినంతే పడుతుంది. వేడినీ సమయాన్నీ రెండింటినీ తగ్గిస్తే మధ్యలో మళ్లీ పచ్చిగానే మిగులుతుంది. అయితే చెప్పిన సమయానికి పది నిమిషాల ముందు నుంచే పుల్ల గుచ్చి చూడడం మంచిది.

నేను తరచుగా చేసే అరటిపండు కేకును ఉదాహరణగా తీసుకుందాం. ఆ అమెరికన్ వంటకంలో 350 డిగ్రీలు, 9 అంగుళాల పొడవూ 5 అంగుళాల వెడల్పూ ఉన్న లోఫ్ టిన్ను, గంట సమయం ఉంటాయి. అంత పొడవు టిన్ను నా మైక్రోవేవ్‌లో పళ్లెం తిరిగేటప్పుడు గోడకు తగులుతుంది కనుక 8 అంగుళాల గుండ్రటి టిన్ను వాడతాను. దాని వైశాల్యం కాస్త ఎక్కువ కాబట్టి పిండి లోతు తగ్గుతుంది, అందుకే 160 దగ్గర 40 నిమిషాల నుంచే చూడడం మొదలుపెడతాను. టిన్నును పొట్టి స్టాండు మీద పెడితే కిందికి కూడా గాలి ఆడుతుంది. పైన రంగు ముందే ముదిరితే అల్యూమినియం ఫాయిల్ కప్పవచ్చు. అంచులను టిన్ను కిందికి మడవకపోతే ఫ్యాన్ గాలికి ఎగిరిపోతుంది, టిన్నులో వేసిన బటర్ పేపర్ అంచులు కూడా అలాగే లేచి పిండిలో పడతాయి. మోడ్ కన్వెక్షన్ మాత్రమే అయి ఉండాలి. మైక్రోవేవ్ తరంగాలు కూడా కలిసే కాంబినేషన్ మోడ్‌లో మామూలు లోహపు టిన్ను పెట్టకూడదు.

160 పెట్టినా పైన మాడుతూ ఉంటే ఓవెన్ చెప్పే అంకెనే అనుమానించాలి. లోపల పెట్టే చిన్న ఓవెన్ థర్మామీటరు కొని, టిన్ను ఉండే చోట ఉంచి, ప్రీహీట్ అయినట్టు బీప్ వచ్చాక మరో పదిహేను నిమిషాలు ఆగి చూడండి. వేడి ఆగుతూ వెలుగుతూ ఉండడం వల్ల ముల్లు పైకీ కిందికీ ఊగుతుంది, కనుక కొన్ని నిమిషాల తేడాతో మూడు నాలుగు సార్లు చూసి సగటు తీసుకోవాలి. ఆ సగటు 175 వస్తే మీ ఓవెన్ 15 ఎక్కువ వేడెక్కుతోందన్నమాట, అప్పుడు 160 కావాలంటే 145కు దగ్గరలోని అంకె పెట్టాలి.

ఫ్యాన్ 160 అని రాసిన వంటకంలో ఆ తగ్గింపు ముందే జరిగిపోయింది. అలవాటుగా మరో 20 తీసి 140 పెడితే కేకు పాలిపోయి, సరిగా పొంగక, ముద్దగా బరువుగా వస్తుంది. బ్రిటిష్ వంటకాల్లో సాధారణంగా రెండు అంకెలూ పక్కపక్కనే ఇస్తారు కాబట్టి ఫ్యాన్ అని ఉన్నదాన్ని తీసుకోండి. అమెరికన్ వంటకంలో కన్వెక్షన్ అన్న మాట లేకపోతే అది ఫ్యాన్ లేని ఓవెన్‌కు రాసిందనుకోవచ్చు.

మీరు రేపు ఓటీజీ కొంటే లెక్క తిరగబడుతుంది. చాలా ఓటీజీల్లో ఫ్యాన్ మీట విడిగా ఉంటుంది. దాన్ని ఆపి, కిందా పైనా రాడ్లు రెండూ వేసి చేస్తే 350కి 180 పెట్టాలి, ఫ్యాన్ 160 అన్న వంటకానికి 20 కలిపి మళ్లీ అదే 180 పెట్టాలి. చిన్న ఓటీజీలో పై రాడ్ కేకుకు మరీ దగ్గరగా ఉంటుంది, అక్కడ పైభాగం మాడితే వేడి తగ్గించే ముందు టిన్నును ఒక అర కిందికి దించి చూడండి.