ఈఎస్‌జీ ఫండ్ అంటే నిజంగా మంచి కంపెనీలేనా? ఒకే కంపెనీకి రెండు రకాల రేటింగులెందుకు?

ప్రశ్న: బ్యాంకులో మా ఆర్‌ఎం ఈఎస్‌జీ ఫండ్‌లో సిప్ మొదలుపెట్టమని ఒకటే పోరు. డబ్బుకి డబ్బు, పర్యావరణానికి మేలు అంటున్నారు. తీరా చూస్తే అందులో ఉన్న ఒక కంపెనీకి ఒక సైట్‌లో మంచి రేటింగ్, ఇంకో సైట్‌లో చెత్త రేటింగ్. దేన్ని నమ్మాలి? ఇదంతా గ్రీన్‌వాషింగేనా?

జవాబు:

రెండూ అబద్ధం కాకపోవచ్చండి. చిక్కంతా అక్కడే ఉంది. నేను ఒక సిమెంటు కంపెనీ ఆఫీసులో రెండేళ్లు ఈ రేటింగుల కోసం లెక్కలు నింపాను. ఆ ఊపులోనే 2021లో సొంత డబ్బు పెట్టి ఒక ఈఎస్‌జీ ఫండ్ కూడా కొన్నాను. అంటే వంటింట్లోనూ ఉన్నాను, విస్తట్లోనూ కూర్చున్నాను.

ఈఎస్‌జీలో మూడు చూస్తారు: పర్యావరణం, మనుషులు (ఉద్యోగులు, కూలీలు, చుట్టుపక్కల ఊళ్లు), యాజమాన్యం తీరు. ఇంతవరకు మీ ఆర్‌ఎం చెప్పే ఉంటారు. ఆయన చెప్పి ఉండనిది ఒకటుంది. చాలా రేటింగులు కంపెనీ వల్ల లోకానికి ఎంత హాని అని కొలవవు. ఈ విషయాల వల్ల కంపెనీ లాభాలకు ఎంత ముప్పు అని కొలుస్తాయి. పైగా ఎంఎస్‌సీఐ లాంటి సంస్థ AAA నుంచి CCC దాకా ఇచ్చే అక్షరాలు అదే రంగంలోని మిగతా కంపెనీలతో పోల్చి ఇచ్చేవి. సిమెంటు కంపెనీకి మంచి అక్షరం వస్తే, తోటి సిమెంటు కంపెనీల కన్నా నయమని అర్థం, పొగ రాదని కాదు. సస్టైనలిటిక్స్ అనే ఇంకో సంస్థ ఇచ్చేది రిస్కు స్కోరు. అందులో అంకె తగ్గితేనే మంచిది. మీరు చూసిన రెండు సైట్లలో ఒకటి ఇదైతే, ముందు ఆ అంకెను ఏ వైపు నుంచి చదవాలో చూసుకోండి.

ఇక రెండు సంస్థలూ ఒకే విషయాన్ని కొలిచినా తేడా ఎలా వస్తుందో మా ఫ్యాక్టరీ లెక్కతో చెబుతాను. అంకెలు సులువుగా ఉండేలా సవరించాను.

సెబీ నిబంధన ప్రకారం పెద్ద లిస్టెడ్ కంపెనీలు ఏటా బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక ఇవ్వాలి. అందులో ప్రతి పది లక్షల పని గంటలకు, పనికి రాలేనంత గాయాలు ఎన్ని అయ్యాయో రాయాలి. ఆఫీసు, ఇంజినీరింగ్ సిబ్బందికి ఒక వరస, వర్కర్లకు ఇంకో వరస. మాకు సిబ్బంది 400 మంది, ఏడాదికి 9.6 లక్షల గంటలు, గాయం ఒక్కటి. రేటు సుమారు 1.04. వర్కర్లు 1,100 మంది, ఎక్కువ శాతం కాంట్రాక్టు వాళ్లే. 26.4 లక్షల గంటలు, గాయాలు 8. రేటు 3.03. రెండూ కలిపితే 36 లక్షల గంటలకు 9 గాయాలు, అంటే 2.5.

ఒక సంస్థ మొదటి వరస తీసుకుని మమ్మల్ని మెచ్చుకుంది. ఇంకోటి కలిపి లెక్క కట్టి సగటు అంది. మూడోది అసలు గాయాల జోలికే పోలేదు, వెబ్‌సైట్‌లో భద్రతా విధానం ఉందా లేదా అని చూసింది. మాది ప్లాంటు గోడ మీద ఉంది కానీ వెబ్‌సైట్‌లో లేదు. సున్నా పడింది. మరుసటి నెల నాలుగు పేజీల పీడీఎఫ్ తయారుచేసి ఎక్కించాం, ఆ ఏడాది స్కోరు పెరిగింది. కిల్న్ కొలిమి దగ్గర మాత్రం ఒక్క రెయిలింగ్ కూడా కొత్తగా పడలేదు. ఆ పీడీఎఫ్ రాసిన వాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఇది చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

ఇది మా ఒక్కరి కథ కాదు. ఎంఐటీకి చెందిన రిగోబోన్, మరో ఇద్దరు పరిశోధకులు 2022లో ప్రచురించిన పరిశోధనలో ఆరు సంస్థల ఈఎస్‌జీ రేటింగుల్ని పోల్చారు. వాటి మధ్య పొంతన సగటున 0.54. పూర్తిగా ఏకీభవిస్తే 1 రావాలి. అప్పులకిచ్చే క్రెడిట్ రేటింగుల్లో అది 0.99 దాకా ఉంటుంది. తేడాలో సగానికి పైగా ఒకే విషయాన్ని వేరువేరుగా కొలవడం వల్లే వచ్చిందని తేల్చారు, అచ్చం మా గాయాల లెక్కలాగే. దేనికెంత ప్రాధాన్యం ఇచ్చారన్న దాని వాటా చాలా తక్కువ.

ఇప్పుడు ఫండ్ సంగతి. కొన్న ఆరు నెలలకు నా ఫండ్ ఫ్యాక్ట్‌షీట్ తెరిచి, నా నిఫ్టీ ఇండెక్స్ ఫండ్ పక్కన పెట్టాను. మొదటి పదిలో ఏడు అవే పేర్లు. బ్యాంకులు, ఐటీ కంపెనీలు. కారణం సులువు: బ్యాంకుకి చిమ్నీ ఉండదు. కరెంటు బిల్లు, ఏసీలు, జనరేటర్ డీజిల్ వరకే లెక్కిస్తే అది పచ్చగానే కనిపిస్తుంది. అదే బ్యాంకు బొగ్గు ప్లాంటుకి అప్పిస్తే ఆ పొగ స్కోప్ 3 అనే ఖాతాలోకి వెళ్తుంది. బీఆర్‌ఎస్‌ఆర్‌లో ఆ ఖాతా నింపడం ఐచ్ఛికం. నేను కొన్నది అమ్మినవాళ్ల కమీషన్ కూడా కలిసి ఉండే రెగ్యులర్ ప్లాన్, ఖర్చు ఏడాదికి సుమారు 2 శాతం. కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్‌లో ఇండెక్స్ ఫండ్‌కి 0.2. మూడు లక్షల మీద 6,000కీ 600కీ ఉన్న తేడా. దాదాపు అదే సరుకు, ఆకుపచ్చ కవరుకీ కమీషన్‌కీ కలిపి 5,400.

దీన్ని గ్రీన్‌వాషింగ్ అనొచ్చా? నా మటుకు నేను అనను, ఎందుకంటే ఆఫర్ డాక్యుమెంటులో వాళ్లు రాసిందే చేశారు, చదవనిది నేను. అసలు గ్రీన్‌వాషింగ్ అంటే చెప్పింది చేయకపోవడం. జర్మనీకి చెందిన డాయిష్ బ్యాంక్ వాళ్ల ఫండ్ సంస్థ డీడబ్ల్యూఎస్ ఈఎస్‌జీ మా డీఎన్ఏలోనే ఉందని ప్రచారం చేసుకుంది. ప్రకటించిన పద్ధతిని ఫండ్ మేనేజర్లు పాటించలేదని తేలడంతో 2023లో అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీకి 1.9 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. పైన పటారం లోన లొటారం అన్నమాట. కాగితాన్ని చూసి యాజమాన్యాన్ని మెచ్చుకుంటే ఏమవుతుందో మన హైదరాబాద్ వాళ్లకి ఒకరు చెప్పాలా? 2008 సెప్టెంబరులో సత్యం కంప్యూటర్స్‌కి ఉత్తమ కార్పొరేట్ గవర్నెన్స్‌కి గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. 2009 జనవరి 7న ఖాతాల మోసం ఒప్పుకుంటూ రామలింగరాజు లేఖ బయటికొచ్చింది.

మీరు చేయాల్సింది ఎక్కువేం లేదు. 2023లో సెబీ ఈఎస్‌జీ ఫండ్లను ఆరు రకాలుగా విడగొట్టింది. తమది ఏ రకమో ఫండ్ చెప్పాలి, కనీసం 80 శాతం డబ్బు దాని ప్రకారమే పెట్టాలి. పేరులో ఎక్స్‌క్లూజన్ తరహా మాట ఉంటే కొన్ని రంగాల్ని మాత్రమే తీసేస్తారు, మిగతాది మామూలే. బెస్ట్ ఇన్ క్లాస్, అంటే తోటి కంపెనీల కన్నా నయమైనవి, అయితే సిమెంటూ ఉండొచ్చు, చమురూ ఉండొచ్చు. నెలనెలా వచ్చే పోర్ట్‌ఫోలియోలో స్కోరు పక్కన అది ఎవరిచ్చారో కూడా ఉంటుంది. తర్వాత అందులో ఒక్క కంపెనీ వార్షిక నివేదిక తెరిచి LTIFR అని వెతకండి, పైన చెప్పిన గాయాల రేటు పేరు అదే. వర్కర్ల వరస చూడండి, సిబ్బంది వరస కాదు.

నేనైతే సిప్ ఆపేశాను, ఉన్నది అలాగే వదిలేశాను. మీ ఆర్‌ఎంని ఆ ఆరింట్లో ఇది ఏ రకమని అడగండి. ఏం చెప్పారో ఇక్కడ కామెంట్‌లో రాస్తే ఫ్యాక్ట్‌షీట్ కలిసి చూద్దాం.