పాత బైక్‌కి 20W-40 ఇంజిన్ ఆయిల్ బదులు 10W-30 వేయొచ్చా?

«మాన్యువల్‌లో 20W-40 అని ఉంది. షాపులో 10W-30 ఇంకా మంచిదంటున్నారు. ఏ బ్రాండ్ తీసుకోమంటారు?»

10W-30 వద్దండీ. W పక్కనున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది, అది తగ్గితే నష్టం లేదు. మీరు చూడాల్సింది రెండో అంకె. ఇంజిన్ వేడెక్కి ఆయిల్ 100 డిగ్రీలకు చేరినప్పుడు మిగిలే చిక్కదనం అదే. పాత ఇంజిన్‌లో భాగాలు అరిగి సందులు పెరుగుతాయి. అక్కడ 30 పలచనైపోతుంది, ట్యాపెట్ చప్పుడు పెరగొచ్చు, ఆయిల్ త్వరగా తగ్గొచ్చు. 20W-40 దొరక్కపోతే 10W-40 నిశ్చింతగా పోయండి. పొగ వస్తుంటే మాత్రం ఏ గ్రేడూ దాన్ని బాగుచేయదు, పిస్టన్ రింగులు మెకానిక్‌కి చూపించాల్సిందే.

బ్రాండ్ కంటే ముందు డబ్బా వెనుక JASO MA లేదా MA2 అనే గుర్తు ఉందో లేదో చూడండి, అది క్లచ్ జారనివ్వని ఆయిల్ అని చెప్పే గుర్తు. గేర్ల బైకుల్లో చాలావరకు క్లచ్ ప్లేట్లు ఇదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. MB రకంలోనూ, కొన్ని కారు ఆయిల్స్‌లోనూ రాపిడి తగ్గించే రసాయనాలుంటాయి కాబట్టి ప్లేట్లు జారతాయి. టాప్ గేర్‌లో యాక్సిలరేటర్ గట్టిగా తిప్పినప్పుడు ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే అదే జారడం. గ్రేడూ, JASO గుర్తూ సరిపోతే, నకిలీ సరుకు కానంతవరకు, పేరున్న ఏ బ్రాండైనా ఫర్వాలేదు.