ఎంఎస్ మొదటి సెమిస్టర్‌లో నాలుగు సబ్జెక్టులా, మూడా?

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఆగస్టులో అమెరికాలో కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌లో చేరుతున్నాడు. మొత్తం 30 క్రెడిట్లు. మొదటి సెమిస్టర్‌లోనే 4 సబ్జెక్టులు తీసుకుంటే మూడు సెమిస్టర్లలో అయిపోతుంది, ఖర్చు మిగులుతుంది అంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

జవాబు: మూడు సెమిస్టర్లలో ముగించవచ్చు గానీ, అందుకోసం మొదటి సెమిస్టర్‌నే బరువెక్కించాల్సిన పని లేదు. ఫీజును క్రెడిట్ల లెక్కన తీసుకునే విశ్వవిద్యాలయాల్లో త్వరగా ముగించినందువల్ల మిగిలేది ప్రధానంగా అద్దె, తిండి, బీమా ఖర్చులే. మొదటి రెండు సెమిస్టర్లలో మూడేసి సబ్జెక్టులు, అంటే తొమ్మిదేసి క్రెడిట్లు, వేసవిలో ఒక సబ్జెక్టు, చివరి సెమిస్టర్‌లో మళ్లీ 9 క్రెడిట్లు తీసుకున్నా మొత్తం 30 పూర్తవుతాయి, ఆ ఖర్చులూ మిగులుతాయి. అయితే ఆ వేసవిలో ఏ సబ్జెక్టులు నడుస్తాయో ముందే విభాగాన్ని అడగాలి.

మొదటి సెమిస్టర్ విషయంలో ఇంత జాగ్రత్త ఎందుకంటే, చాలా విభాగాల్లో సగటు గ్రేడు 3.0 కంటే తగ్గితే విద్యార్థిని ప్రొబేషన్‌లో, అంటే హెచ్చరిక కింద పెడతారు. నాలుగు సబ్జెక్టుల్లో రెండు బి, రెండు సి వచ్చాయనుకుందాం, ఏకు 4, బికి 3, సికి 2 పాయింట్ల లెక్కన సగటు 2.5 అవుతుంది. తర్వాతి సెమిస్టర్‌లో మూడు సబ్జెక్టులు తీసుకుని మళ్లీ 3.0కు చేరాలంటే వాటిలో కనీసం రెండింటిలో ఏ, మూడోదానిలో బి రావాలి. కొత్త దేశంలో, వారం వారం అసైన్‌మెంట్లతో నడిచే పద్ధతికి ఇంకా అలవాటు పడుతున్న విద్యార్థికి ఇది తేలిక కాదు.

ఇక రెండోవైపు కూడా ఒక హద్దు ఉంది. ఎఫ్-1 వీసా విద్యార్థి పూర్తికాల చదువులోనే ఉండాలి, ఎంఎస్‌లో అది సాధారణంగా సెమిస్టర్‌కు 9 క్రెడిట్లు. సరిగ్గా 9 మాత్రమే తీసుకున్నవారు మధ్యలో ఒక సబ్జెక్టు కష్టమనిపించి వదిలేస్తే, అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం అనుమతి ముందే పొందకపోతే, వీసా స్థితికే ముప్పు వస్తుంది.

అందుకే నా సలహా ఇది: మీ అబ్బాయిని మొదటి వారానికి నాలుగు సబ్జెక్టులకు నమోదు చేసుకోమనండి. సిలబస్ చేతికి రాగానే ప్రాజెక్టులు ఎన్ని, పరీక్షలు ఏ వారాల్లో ఉన్నాయి అన్నది ఒకే క్యాలెండర్‌లో రాసి చూసుకుంటే, ఏ వారంలో పని పోగుపడుతుందో స్పష్టంగా కనబడుతుంది. యాడ్-డ్రాప్ గడువులోపు ఒకదాన్ని తీసేస్తే, సాధారణంగా ట్రాన్‌స్క్రిప్ట్‌లో దాని ఆనవాలు ఉండదు. అయితే గడువు తేదీనీ, ఫీజు వాపసు తేదీనీ విడివిడిగా సరిచూసుకోవాలి.

తీసేసేది కష్టమైన సబ్జెక్టే కానక్కర్లేదు. అల్గారిదమ్స్ వంటి కోర్ సబ్జెక్టు తర్వాతి ఎలెక్టివ్‌లకు ముందస్తు అర్హతగా ఉన్నా, ఏడాదికి ఒక్కసారే నడుస్తున్నా దాన్ని ఉంచుకోవాలి. జనవరిలోనూ దొరికే ఎలెక్టివ్‌ను వదలాలి. మిగిలిన మూడింటిలో రెండు ఆన్‌లైన్‌వి కాకుండా చూసుకోవాలి, ఎందుకంటే పూర్తికాల లెక్కలోకి సెమిస్టర్‌కు ఒక్క ఆన్‌లైన్ సబ్జెక్టే వస్తుంది.