టెక్ సందేహాలు: ఫొటోలో భుజాల మీద ఎండ గీతలు కలపడం ఎలా?

ప్రశ్న: గోవా వెళ్లినప్పుడు మొదటి రోజంతా స్లీవ్‌లెస్ టాప్‌తో బీచ్‌లో తిరిగాను. మర్నాడు ఆఫ్ షోల్డర్ డ్రెస్ వేసుకుని ఫొటో దిగితే రెండు భుజాల మీదా పట్టీల చోట తెల్లటి గీతలు, మిగతాదంతా నలుపు. కుడి భుజం ఎర్రగా కమిలింది, ఎడమ భుజం మీద మచ్చమచ్చలుగా ఉంది. ఫోన్‌లో బ్యూటీ ఫిల్టర్ పెడితే ముఖం ప్లాస్టిక్ బొమ్మలా మారింది గానీ గీతలు పోలేదు. సహజంగా కనిపించేలా సరిచేయడం ఎలా? ఫొటో పంపుతున్నాను. ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందుగా ఒక నిర్ణయం తీసుకోవాలి. నల్లబడ్డ చర్మాన్ని తెల్లగా మార్చాలా, తెల్లగా మిగిలిన గీతల్ని చుట్టూ ఉన్న రంగులోకి తేవాలా? చాలామంది మొదటిదే చేయబోతారు. నేనైతే రెండోదే చేయమంటాను. గీతలు రెండే, సన్నవి. మీ ముఖం, మెడ, చేతులు అన్నీ ఎండకు ఒకే రంగుకు తిరిగాయి. వాటిని తెల్లబరచడం మొదలుపెడితే జుట్టు అంచు, చెవులు, వేళ్ల సందుల దాకా ప్రతిచోటా హద్దు గీయాల్సి వస్తుంది. ఎక్కడో ఒకచోట దొరికిపోతారు. పైగా ముదురు భాగాన్ని తేలిక చేస్తే అందులో దాగి ఉన్న గరుకు చుక్కలు కూడా పైకి తేలతాయి.

బ్యూటీ ఫిల్టర్ ఎందుకు పనిచేయలేదంటే, అది చర్మం మీది చిన్న చిన్న తేడాల్ని నునుపు చేస్తుంది. స్వేదరంధ్రాలు, నూగు వెంట్రుకలు మాయమవుతాయి. వేలెడు వెడల్పున్న గీత దాని లెక్కలో మచ్చ కాదు కాబట్టి అలాగే ఉండిపోతుంది. మీకు కావాల్సింది సరిగ్గా దీనికి తిరగేసిన పని: చర్మం గరుకు అలాగే ఉండాలి, రంగు మాత్రం మారాలి. అందుకే హీల్, క్లోన్ లాంటి టూల్స్ జోలికీ వెళ్లకండి. అవి పక్క చర్మాన్ని తెచ్చి అతికిస్తాయి. ఇంత పొడవు గీత మీద ఆ అతుకు తెలిసిపోతుంది.

ఈ పనికి కంప్యూటర్‌లో గింప్ అనే ఫొటో ఎడిటర్ చాలు. ఉచితం, ఫొటో మీ కంప్యూటర్ దాటి ఎక్కడికీ పోదు. ఒక్క మాట, ఫొటో మీ ఫ్రెండ్ ఫోన్‌లో తీసి ఉంటే వాట్సాప్‌లో మామూలుగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి. మామూలుగా పంపితే ఫొటో బాగా కుదించుకుపోతుంది, రంగు సవరించినప్పుడు గీత అంచుల వెంట చిన్న చిన్న గళ్లు కనిపిస్తాయి. మానిటర్‌లో నైట్ లైట్ లాంటిది ఆన్‌లో ఉంటే ఆపేయండి. పసుపు తెర మీద సరిచేసిన రంగు మామూలు తెర మీద నీలంగా తేలుతుంది.

ఇప్పుడు అసలు పని. గింప్‌లో కలర్ పికర్ (కీబోర్డులో O) తీసుకుని, దాని ఆప్షన్లలో Sample average టిక్ పెట్టండి. అప్పుడు ఒక్క పిక్సెల్ కాకుండా చుట్టుపక్కల సగటు వస్తుంది. Use info window కూడా ఆన్ చేసి, అంకెలు 0 నుంచి 255 వరకు చూపే పద్ధతి ఎంచుకోండి. మీ ఫొటోలో కుడి భుజం పైభాగాన గీత మీద క్లిక్ చేస్తే నాకు రెడ్ 196, గ్రీన్ 150, బ్లూ 122 వచ్చాయి. అంగుళం పక్కన, అదే వెలుగు పడుతున్న నల్లబడ్డ చర్మం మీద 158, 108, 80. కిటుకంతా ఈ ఆరు అంకెల్లోనే ఉంది.

రెడ్ 196 నుంచి 158కి, అంటే సుమారు 80 శాతానికి దిగింది. గ్రీన్ 72 శాతానికి, బ్లూ 66 శాతానికి దిగాయి. ఎండకు చర్మంలో పెరిగే మెలనిన్ అన్ని రంగుల్నీ సమానంగా పీల్చుకోదు, నీలాన్ని ఎక్కువ పీల్చుకుంటుంది, ఎరుపును తక్కువ. కాబట్టి బ్రైట్‌నెస్ ఒక్కటే తగ్గిస్తే గీత నల్లబడుతుంది గానీ చర్మం రంగు రాదు. 158, 121, 98 దగ్గర ఆగి, బూడిద పూసినట్టు కనిపిస్తుంది. ఇలా బ్రైట్‌నెస్ ఒక్కటే తగ్గించి చూసి ‘ఫొటోషాప్ చేశారని తెలిసిపోతోంది’ అని విసుక్కునేవాళ్లకు జరిగేది చాలాసార్లు ఇదే.

అందుకని మూడు రంగుల్నీ విడివిడిగా దించాలి. Layer > Duplicate Layer తో ఫొటోకి ఒక కాపీ చేయండి. ఆ పై లేయర్ మీద ఉండి Colors > Curves తెరవండి. పైన Channel దగ్గర Red ఎంచుకుని, ఆ విండోలో కనిపించే వాలు గీత మీద ఒక పాయింట్ పెట్టి Input 196, Output 158 ఇవ్వండి. తర్వాత Green లో 150, 108. Blue లో 122, 80. ఓకే కొట్టండి. ఫొటో మొత్తం ముదురుగా, ఎర్రమట్టి రంగుకు తిరుగుతుంది. కంగారు పడొద్దు, దాన్ని ఇప్పుడే దాచేస్తాం.

Layer > Mask > Add Layer Mask లో Black (full transparency) ఎంచుకోండి. పై లేయర్ మొత్తం కనపడకుండా పోయి పాత ఫొటో తిరిగొస్తుంది. ఇక్కడి నుంచి తెల్ల బ్రష్ ఎక్కడ రాస్తే అక్కడే ముదురు రంగు బయటికి వస్తుంది. D నొక్కి X నొక్కితే ముందు రంగు తెలుపు అవుతుంది, P నొక్కితే బ్రష్ వస్తుంది. బ్రష్ Opacity 30 దగ్గర, Hardness బాగా తక్కువలో, సైజు గీత వెడల్పు కంటే కాస్త చిన్నగా పెట్టుకోండి. గీత వెంట నడుపుతూ పోండి. మౌస్ వదలకుండా అటూ ఇటూ రుద్దితే ముదరదు. మౌస్ వదిలి మళ్లీ నొక్కితేనే ఇంకో పూత పడుతుంది. ఐదారు పూతలకి చుట్టుపక్కల చర్మంలో కలిసిపోవడం మీకే తెలుస్తుంది. బ్రష్ రాస్తే ఫొటో మీద నిజంగానే తెల్ల రంగు పడుతోందంటే మీరు మాస్క్ మీద లేరు, లేయర్ మీద ఉన్నారు. Ctrl+Z కొట్టి, లేయర్ల ప్యానెల్‌లో రెండో చిన్న బొమ్మను, నల్లగా ఉన్నదాన్ని క్లిక్ చేయండి. Curves ముందు, మాస్క్ తర్వాత అన్న వరుస కూడా తప్పొద్దు. మాస్క్ ఎంచుకుని ఉండగా Curves తెరిస్తే అది ఫొటోని వదిలేసి మాస్క్‌ని మారుస్తుంది.

తేడా కొట్టేది ఎక్కువగా అంచుల్లోనే. బ్రష్ గీత దాటి నల్లబడ్డ చర్మం మీదికి పోతే అక్కడ రెండుసార్లు ముదిరి సన్నటి నల్ల చార వస్తుంది. అంచు దాకా రాకపోతే తెల్ల చార మిగులుతుంది. ఫొటోని 100 శాతానికి జూమ్ చేస్తే రెండూ కనిపిస్తాయి. నల్ల చార ఉన్నచోట X నొక్కి నలుపుతో మాస్క్ మీద రాస్తే చెరిగిపోతుంది. ఎండ గీత అంచు కత్తితో కోసినట్టు ఎప్పుడూ ఉండదు. పట్టీ కదులుతుంటుంది కాబట్టి కొన్ని మిల్లీమీటర్లు మసగ్గా ఉంటుంది. మీ బ్రష్ మెత్తదనం ఆ మసకకి సరిపోవాలి. మరీ మెత్తగా ఉంటే పక్క చర్మం మీదికి పాకుతుంది.

ఇంకో తిరకాసు వీపు వైపు ఉంది. మనం పెట్టిన పాయింట్ భుజం పైన వెలుతురులో ఉన్న చర్మానికి లెక్క. అదే గీత వెనక్కి తిరిగి నీడలోకి వెళ్లినచోట కర్వ్ కాస్త ఎక్కువే ముదురు చేస్తుంది, గీత చుట్టూ ఉన్న చర్మం కంటే నల్లగా తేలుతుంది. అక్కడ మూడు నాలుగు పూతలతో ఆపేయండి. భుజం ఎముక మీద మెరుపు ఉన్నచోట దీనికి ఉల్టా, ఒక పూత ఎక్కువ పడుతుంది. అయినా అంగుళం అంగుళం అంకెలు చూసుకుంటూ కూర్చోకండి. మొదటి పాయింట్‌కి అంకెలు, ఆ తర్వాత కన్ను చాలు. అంతా అయ్యాక లేయర్ Opacity ని 85, 90 మధ్యకు దించండి. గీత ఆనవాలు లీలగా ఉంటేనే అది మీ భుజంలా ఉంటుంది. ముందు రోజు బీచ్‌లో దిగిన ఫొటోలు అదే ఆల్బమ్‌లో ఉంటాయి కదా.

కుడి భుజం ఎరుపు వేరే సంగతి. అది ట్యాన్ కాదు, కమిలిన చర్మం. అక్కడ చర్మంలోకి రక్తం ఎక్కువ వచ్చింది, రక్తం గ్రీన్‌ని బాగా పీల్చుకుంటుంది. మీ ఫొటోలో ఆ చోట 160, 92, 76 ఉంది. అంటే రెడ్, బ్లూ పక్క చర్మానికి దాదాపు సమానం, గ్రీన్ ఒక్కటే పడిపోయింది. రెడ్ ఎక్కువైందనుకుని రెడ్ తగ్గిస్తే చర్మం కందిన గాయంలా మురికిగా మారుతుంది. అసలు ఫొటో లేయర్‌ని ఇంకోసారి డూప్లికేట్ చేసి, Curves లో Green ఒక్కదాన్ని 92 నుంచి 105కి లేపి, నల్ల మాస్క్ పెట్టి, పెద్ద మెత్తటి బ్రష్‌తో రాయండి. కమిలిన చర్మానికి స్పష్టమైన అంచు ఉండదు కాబట్టి ఇది గీత కంటే తేలికైన పని.

ఎడమ భుజం మీది మచ్చలు మాత్రం చర్మంవి కావు. బాగా దగ్గరికి జూమ్ చేసి చూడండి, అవే మచ్చలు డ్రెస్ అంచు మీదికీ, జుట్టు మీదికీ సాగాయి. చెట్టు ఆకుల సందుల్లోంచి పడ్డ వెలుతురు అది. ట్యాన్ చర్మంతోనే ఆగుతుంది, నీడ బట్ట మీద కూడా పడుతుంది. ఎప్పుడు అనుమానం వచ్చినా ఇలాగే చూడాలి. ఆ వెలుగు చుక్కల్లో రెండు చోట్ల రెడ్ 255కి తగిలి ఉంది, అంటే కెమెరా అక్కడ ఎరుపులో వివరం ఏమీ పట్టుకోలేదు. ముదురు చేసినా చర్మం రాదు, నారింజ మరక వస్తుంది. మిగతా చుక్కల్ని పై పద్ధతిలోనే కొద్దిగా తగ్గించవచ్చు గానీ, నా సలహా వాటిని వదిలేయమనే. చెట్టు కింద నిలబడ్డ మనిషి మీద ఆకుల వెలుగు పడటం ఎవరికీ వింతగా అనిపించదు. భుజం మీద చుక్కలు తీసేసి డ్రెస్ మీద ఉంచితేనే వింత.

కంప్యూటర్ లేకపోతే ఫోన్‌లో స్నాప్‌సీడ్‌తో ఇదే దారిలో వెళ్లవచ్చు. Curves లో రెడ్, గ్రీన్, బ్లూ విడిగా దించి, View edits లోకి వెళ్లి ఆ Curves మార్పును తాకితే బ్రష్ వస్తుంది, దానితో గీత మీద మాత్రమే రాయాలి. అక్కడ అంకెలు ఉండవు కాబట్టి బ్లూని ఎక్కువ, గ్రీన్‌ని మధ్యస్థంగా, రెడ్‌ని తక్కువ దించాలని గుర్తుంచుకుంటే చాలు. వేలితో సన్నటి అంచు రాయడం మాత్రం ఓపిక పని, బాగా జూమ్ చేసుకుని రాయండి.

గింప్‌లో Save కొడితే XCF ఫైల్ వస్తుంది. లేయర్లు, మాస్క్‌లు అందులో అలాగే ఉంటాయి, రేపు గీత ఇంకా కనిపిస్తోందనిపిస్తే అక్కడి నుంచే దిద్దుకోవచ్చు. పంపుకోవడానికి File > Export As లో JPEG గా, క్వాలిటీ 92 పైన పెట్టి వేరే పేరుతో తీయండి. ఒరిజినల్ ఫొటో పేరు మీదే ఎక్స్‌పోర్ట్ చేయొద్దు.