మూడు గళ్లలోనూ 95కి తగ్గకపోయినా పర్ఫెక్ట్ ఆర్డర్ రేటు ఎందుకు పడిపోతుంది?

ప్రశ్న: "డెలివరీ 95, డ్యామేజీ లేనివి 97, పేపర్లు 96 శాతం వస్తున్నాయి. అయినా మా మేనేజర్ పర్ఫెక్ట్ ఆర్డర్ రేటు 88 అంటున్నారు. ఆ లెక్క సరైనదేనా?"

మీ మేనేజర్ మూడింటినీ గుణించి ఉంటారండీ. 0.95 × 0.97 × 0.96 చేస్తే 88.5 శాతం దగ్గర వస్తుంది. అంచనాకు అది చాలు, కానీ అసలు లెక్క ఆర్డర్లవారీగా చేయాలి: మూడింటిలో ఒక్క తప్పూ లేని ఆర్డర్లు మొత్తంలో ఎంత శాతమో అదే పర్ఫెక్ట్ ఆర్డర్ రేటు.

నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ యూనిట్‌లో డిస్పాచ్ చూస్తాను. పోయినేడు గెలాక్సీ స్లాబుల లోడు చెన్నై పంపితే కావలి దగ్గర యాక్సిల్ విరిగింది. అర్ధరాత్రి క్రేను పిలిపించి స్లాబులన్నీ వేరే లారీకి మార్పించాను. ఒక్క మూల కూడా పెచ్చు లేవలేదు. ఆ టెన్షన్‌లో ఈ-వే బిల్లు పార్ట్-బిలో కొత్త లారీ నంబరు మార్చడం మరిచిపోయాను. తడ దాటాక తనిఖీలో ఆపేశారు. సరుకు చేరేసరికి ఒకటిన్నర రోజు ఆలస్యం. అక్కడ మేస్త్రీలు పని లేకుండా కూర్చున్నారు.

స్లాబులు అద్దంలా ఉన్నా ఆ ఆర్డరుకు సున్నానే. ఈ కొలతలో సగం మార్కులుండవు. అరవై స్లాబుల్లో ఒక్కటి పగిలినా ఆర్డరంతా పోయినట్టే. కొనేవాడి వైపు నుంచి చూస్తే అదే న్యాయం, ఎందుకంటే ఆ ఒక్క స్లాబు లేక అతని ఫ్లోరింగ్ ఆగిపోతుంది.

ఇప్పుడు లెక్క. మీకు 200 ఆర్డర్లు అనుకోండి. మీ శాతాల ప్రకారం ఆలస్యమైనవీ తక్కువ వచ్చినవీ కలిపి 10, పగిలినవి 6, పేపర్లు తప్పినవి 8. మొత్తం 24 తప్పులు. కానీ నా లోడులాగా రెండు గళ్లలోనూ పడ్డ ఆర్డర్లు నాలుగుంటే చెడిపోయిన ఆర్డర్లు 20 మాత్రమే. అంటే 180 బాగున్నాయి, రేటు 90 శాతం. గుణిస్తే మూడు తప్పులకూ ఒకదానితో ఒకటి సంబంధం లేదని అనుకున్నట్టు. మా పనిలో పేపరు తప్పే ఆలస్యానికి దారి తీస్తుంది.

షీట్‌లో బాగుంటే 1, లేకపోతే 0 వేసి:

```
=COUNTIFS(B2:B201,1,C2:C201,1,D2:D201,1)/COUNTA(A2:A201)
```

B డెలివరీ, C డ్యామేజీ, D పేపర్లు. A గడిలో ఆర్డర్ నంబరు.

సరుకు దించుకున్నట్టు సంతకం రాని ఆర్డరును ఆ నెల లెక్కలో వేయకండి. పగుళ్లు దించేటప్పుడే బయటపడతాయి. ఇంకొకటి, నాకు ఒళ్లు మండేది ఇదే: లారీ ఆలస్యమవుతుందని తెలియగానే సేల్స్ వాళ్లు సిస్టమ్‌లో డెలివరీ తేదీ జరిపేస్తారు. అప్పుడు డెలివరీ గడి 99 చూపిస్తుంది. మొదట ఒప్పుకున్న తేదీనే పట్టుకోండి. కొనేవాడు తానై అడిగితే తప్ప ఆ తేదీని ఎవరూ ముట్టుకోకుండా లాక్ చేయించండి. మా దగ్గర అది చేయించడానికి నాకు ఏడాది పట్టింది.