మలుపులో బ్రేక్ వేస్తే ఏమవుతుంది?

అస్ఫాల్ట్ రేసింగ్ గేమ్ బాగానే ఆడతాను. అమీర్‌పేటలో ఓ గేమింగ్ కేఫ్‌లో అసెట్టో కోర్సా ఆడితే మాత్రం మలుపు రాగానే కారు బయటికి పోతోంది. ఎందుకు?

తేడా అంతా టైరు పట్టులో ఉంది. అస్ఫాల్ట్ లాంటి ఆర్కేడ్ గేమ్‌లో మలుపులో బ్రేక్ నొక్కితే డ్రిఫ్ట్ మొదలవుతుంది, కారు దారి తప్పకుండా గేమే సాయం చేస్తుంది. అసెట్టో కోర్సా లాంటి సిమ్యులేషన్‌లో టైరుకు ఉన్న కాస్త పట్టునే బ్రేకూ స్టీరింగూ పంచుకోవాలి. బ్రేకే మొత్తం వాడేసుకుంటే చక్రాలు ఎంత తిప్పినా కారు తిన్నగానే పోతుంది. వానలో పంజాగుట్ట ఫ్లైఓవర్ మలుపులో ముందు బ్రేక్ గట్టిగా పట్టిన బైక్ జారేదీ ఇందుకే. టైర్లు కీచుమని, స్టీరింగ్ చేతిలో తేలికైతే పట్టు పోయినట్టే. అప్పుడు ఇంకా తిప్పకండి, మొదట్లో నేనూ అదే చేసేదాన్ని. తిన్నగా ఉన్నప్పుడే గట్టిగా బ్రేక్ వేసి, స్టీరింగ్ తిప్పేకొద్దీ మెల్లగా వదలండి.