హాలిడే మెంబర్‌షిప్ రద్దు చేసుకుని డబ్బు వెనక్కి రాబట్టడం ఎలా?

"ప్రెజెంటేషన్‌కి పిలిచి, ఆ రోజే సంతకం పెట్టించుకుని హాలిడే మెంబర్‌షిప్ అంటగట్టారు. అడ్వాన్స్ కార్డు మీద కట్టాను. రద్దు చేయమని ఫోన్ చేస్తే మేనేజర్ మాట్లాడతారు, ఆగండి అంటున్నారు. డబ్బు వస్తుందా?"

ఆగకండి. ఇలాంటి ఒప్పందాల్లో చాలావాటికి 'కూలింగ్ ఆఫ్' లేదా 'ఫ్రీ లుక్' అనే గడువు ఉంటుంది. ఆ లోపు రాతపూర్వకంగా రద్దు కోరితే కట్టింది వెనక్కి ఇవ్వాలి. మీరు ఫోన్ కోసం ఎదురుచూస్తుంటే ఆ గడువే కరిగిపోతుంది. నాకూ సరిగ్గా ఇదే మాట చెప్పారు. నేను ఆ సాయంత్రమే మెయిల్ పంపాను.

ముందు ఒప్పందం వెనక పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉన్న నిబంధనలు చదవండి. గడువు ఎన్ని రోజులన్నది ఎంత ముఖ్యమో, ఏ రోజు నుంచి లెక్కన్నదీ అంతే ముఖ్యం. సంతకం పెట్టిన రోజు నుంచా, డబ్బు కట్టిన రోజు నుంచా, కాగితాలు చేతికందిన రోజు నుంచా? స్పష్టంగా లేకపోతే అన్నిటికంటే ముందున్న తేదీనే లెక్కలోకి తీసుకోండి. నోటీసు ఎలా పంపాలన్నదీ అక్కడే రాసి ఉంటుంది. మెయిల్ చాలదు, పోస్టులో రావాలి అని ఉంటే రెండూ చేయండి. పోస్టు రసీదు, అందినట్టు వచ్చే అక్నాలెడ్జ్‌మెంట్ దాచుకోండి.

ఉత్తరం పొట్టిగా ఉండాలి. నేను రాసింది దాదాపు ఇది:

"ఫలానా తేదీన సంతకం చేసిన, ఫలానా నంబరు ఒప్పందాన్ని అందులోని ఫలానా క్లాజు ప్రకారం, గడువు లోపలే రద్దు చేసుకుంటున్నాను. కట్టిన మొత్తం పూర్తిగా, కట్టిన కార్డుకే 15 రోజుల్లో జమ చేయగలరు. రద్దు అయినట్టు రాతపూర్వకంగా తెలియజేయండి."

కారణాలు రాయలేదు. రాస్తే ఒక్కోదానికీ సమాధానం చెప్పి బేరానికి దిగుతారు. ఇంకో సీజన్‌కి మారుస్తాం, కొన్నాళ్లు హోల్డ్‌లో పెడతాం అంటారు. వాటికి ఒప్పుకుంటూ కొత్త కాగితం మీద సంతకం పెడితే పాత నోటీసు చెల్లదని వాదించే అవకాశం వాళ్లకు దొరుకుతుంది.

తర్వాత నాకు అడ్మిన్ చార్జీలు కోసుకుంటామని జవాబొచ్చింది. ఏ క్లాజు కింద అని అదే మెయిల్‌కి రిప్లై పెట్టాను. వాళ్లు చూపించిన క్లాజు తెరిచి చూస్తే, ఆ కోత గడువు దాటాక రద్దు చేసుకునేవాళ్లకని అందులోనే ఉంది. ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసి పంపాక పూర్తి మొత్తం వచ్చింది. మీ గడువు దాటిపోయి ఉంటే మాత్రం ఆ కోత వర్తించవచ్చు. అప్పుడు ఎంత కోస్తారో లెక్క రాసి ఇమ్మనండి.

మిగతా సొమ్ము ఈఎంఐగా మార్చి ఉంటే ఆ లోన్ బ్యాంకుదో ఫైనాన్స్ సంస్థదో అయి ఉంటుంది. మెంబర్‌షిప్ రద్దయినా అది దానంతటదే ఆగకపోవచ్చు. రద్దు లెటర్ కాపీ జతచేసి వాళ్లకు విడిగా రాయండి. చెప్పకుండా కట్టడం మానేస్తే బాకీదారుగా మీ పేరే పడుతుంది.